పాల సెంటర్లో ఏడు సూత్రాలు: టెస్టింగ్ మొదటి క్లాసు నోట్సు

పోయిన నెల సెకండియర్ వాళ్ళకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ గురించి ఒక గంట చెప్పమని మా సారు నన్ను నిలబెట్టారు. స్లైడ్లు చేయలేదు. ఒక కాగితం మీద వరస రాసుకొని వెళ్ళాను. ఆ కాగితాన్ని తెలుగులో విప్పి రాయమని క్లబ్బు వాళ్ళు అడిగారు కాబట్టి ఇది. సిలబస్ పుస్తకంలో ఏడు సూత్రాలు ఏడు పేరాలుగా ఉంటాయి. బట్టీ పడితే పది మార్కులు వస్తాయి, ఒక్క బగ్ దొరకదు. నాకు ఆ ఏడూ అర్థమైంది పుస్తకంలో కాదు, ఐరాల దగ్గర మా ఊరి పాల సెంటర్లో. అందుకని ఆ వరసలోనే చెప్తాను. సూత్రాల నెంబర్లు అటూ ఇటూ అవుతాయి, కంగారు పడొద్దు.

మా వైపు సంగతి తెలియని వాళ్ళకి రెండు మాటలు. కాణిపాకం మా ఐరాల మండలంలోనే ఉంది కాబట్టి గుడికొచ్చే దారిలో చాలామంది మమ్మల్ని చూసే ఉంటారు. మామిడి, చెరుకు, వేరుశనగ ఉన్నా, ఇంటి ఖర్చుకు చేతిలో ఆడే డబ్బులు మాత్రం పాలవే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి క్యాన్ తీసుకుని సెంటర్‌కి పోతారు. అక్కడ పాలలో రెండు కొలతలు చూస్తారు. ఒకటి ఫ్యాట్, అంటే వెన్న శాతం. రెండోది ఎస్.ఎన్.ఎఫ్., అంటే వెన్న, నీళ్ళు పోను మిగిలే గట్టి పదార్థం శాతం. నీళ్ళు కలిపితే రెండూ పడిపోతాయి. గోడ మీద ఒక చార్టు అంటించి ఉంటుంది. అడ్డ వరసల్లో ఫ్యాట్, నిలువు వరసల్లో ఎస్.ఎన్.ఎఫ్., రెండూ కలిసే గడిలో లీటరు రేటు.

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుకి మేము ముగ్గురం ఎంచుకున్నది ఈ చార్టునే. సెంటర్ నడిపే మామ నోటుబుక్కులో రాసుకుంటాడు, పది రోజులకోసారి లెక్క కడతాడు. దాన్ని కంప్యూటర్లో పెడదామనుకున్నాం. చార్టులో ఫ్యాట్ 3.0 నుంచి 5.0 దాకా, ఎస్.ఎన్.ఎఫ్. 8.0 నుంచి 9.0 దాకా, రెండూ 0.1 చొప్పున పెరుగుతాయి. అంటే 21 అడ్డ వరసలు, 11 నిలువు వరసలు, మొత్తం 231 గళ్ళు. రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఇక్కడ లెక్క తేలిగ్గా ఉండేట్టు నేనే అంకెలు పెడుతున్నా: 3.0 ఫ్యాట్, 8.0 ఎస్.ఎన్.ఎఫ్. ఉంటే లీటరు 28 రూపాయలు. ఫ్యాట్ 0.1 పెరిగితే 30 పైసలు, ఎస్.ఎన్.ఎఫ్. 0.1 పెరిగితే 20 పైసలు.

రేటు వెతికే ఫంక్షన్ ఇది. ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే తేలికైనది అనుకున్నాం.

```python
def rate(fat, snf):
    row = int((fat - 3.0) * 10)
    col = int((snf - 8.0) * 10)
    return CHART[row][col]
```

కింద చదివే ముందు ఒక్క నిమిషం దీన్ని చూడండి. ఇందులో తప్పు ఉందా? క్లాసులో అరవై మందిని అడిగితే యాభై ఎనిమిది మంది లేదన్నారు. మిగతా ఇద్దరు ఫోన్ చూస్తా ఉండారు.

పన్నెండు టెస్టులు, పన్నెండూ పాస్

మేము టెస్టు చేయకుండా ఏమీ పోలేదు. ఫ్యాట్‌కి 3.0, 3.5, 4.0, 4.5 తీసుకున్నాం. ఎస్.ఎన్.ఎఫ్.కి 8.0, 8.5, 9.0. నాలుగు మూళ్ళు పన్నెండు. ప్రతిదానికీ గోడ చార్టులో రేటు చూసి, ప్రోగ్రామ్ చెప్పిన రేటుతో పోల్చాం. అన్నీ సరిపోయాయి. రిపోర్టులో "టెస్టింగ్ పూర్తయింది, తప్పులు లేవు" అని రాసేశాం.

తర్వాత పది రోజులు మామ నోటుబుక్కూ నడిచింది, మా ల్యాప్‌టాపూ నడిచింది, పక్కపక్కనే. మూడో రోజు పొద్దున మా అమ్మ చీటీ పట్టుకొని ఇంటికొచ్చింది.

"ఏం నైనా, మన ఆవుకి 3.4 వచ్చింది, 8.6 వచ్చింది. ఎనిమిది లీటర్లు పోసినా. మీ చీటీలో 239 రూపాయల 20 పైసలే ఉండాది. నాలుగు రూపాయలు యాడికి పాయె?"

నేను అమ్మకే లెక్క తప్పిందేమో అనుకున్నాను. కాగితం తీసుకొని వేశాను. 3.4 అంటే నాలుగు మెట్లు, రూపాయి ఇరవై. 8.6 అంటే ఆరు మెట్లు, ఇంకో రూపాయి ఇరవై. 28 మీద కలిపితే 30.40. ఎనిమిది లీటర్లకి 243.20. అమ్మ లెక్కే నిజం. ప్రోగ్రామ్ లీటరుకి 29.90 చొప్పున కట్టింది.

ల్యాప్‌టాప్ తెరిచి కొట్టి చూస్తే:

```python
>>> 3.4 - 3.0
0.3999999999999999
>>> (3.4 - 3.0) * 10
3.999999999999999
>>> int((3.4 - 3.0) * 10)
3
```

కారణం ఇది. కంప్యూటర్ అంకెల్ని సగాలు, పావులు, అరపావులుగా దాచుకుంటుంది. 3.5 లో ఉన్న అర దానికి సరిగ్గా వస్తుంది. 3.4 లో ఉన్న పదింట నాలుగు ఎన్ని పావులు, అరపావులు కలిపినా సరిగ్గా రాదు, వెంట్రుకవాసి తక్కువగా నిలుస్తుంది. ఆ వెంట్రుకవాసి మామూలుగా అయితే ఏమీ చేయదు. కానీ `int` అనేది దగ్గరి అంకెకు సరిచేయదు, చుక్క తర్వాత ఉన్నదంతా కోసి పారేస్తుంది. 3.999 అయినా దానికి 3 నే. అమ్మ పాలు ఒక గడి పైకి జరిగి 3.3 రేటులో పడ్డాయి.

ఇంకా చిత్రం, అన్ని అంకెలకీ ఇలా జరగదు. 3.1, 3.2, 3.6, 3.7 వెంట్రుకవాసి ఎక్కువగా నిలుస్తాయి, కాబట్టి కోసినా సరైన గడిలోనే పడతాయి. 3.0, 3.5 కచ్చితంగా నిలుస్తాయి. తప్పేవి 3.3, 3.4, 3.8, 3.9. మేము టెస్టుకి ఏరుకున్నవి చూడండి: అన్నీ చివర సున్నానో అయిదో ఉన్నవి. మనిషి చేతికి తేలిగ్గా వచ్చే అంకెలే కంప్యూటర్‌కీ తేలిక. తప్పు ఉండే అవకాశమే లేని చోట్లను ఏరి మరీ వెతికాం.

ఇది మొదటి సూత్రం. టెస్టింగ్ తప్పు ఉందని చూపించగలదు, లేదని చూపించలేదు. డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1970 ప్రాంతంలోనే ఈ మాట చెప్పాడు. పరీక్షలో అందరం రాస్తాం. కానీ "పన్నెండు పాస్" అన్న వాక్యానికి అర్థం "ఆ పన్నెండు చోట్ల తప్పు కనపడలేదు" అని మాత్రమేనని నాకు తెలిసింది అమ్మ చీటీ చూసినాకే. ఆ రిపోర్టులో మేము రాయాల్సింది "తప్పులు లేవు" కాదు, "ఈ అంకెలతో చూశాం, మిగతావి చూడలేదు" అని. మా ఇంట్లో రెండు పూటలా కలిపి 14 లీటర్లు పోస్తారు. కొలతలు ఇలాగే వస్తే లీటరుకి అర్ధ రూపాయి చొప్పున రోజుకి ఏడు రూపాయలు, నెలకి 210. బయటివాళ్ళ పాల మీద అయితే దీన్ని మోసం అంటారు.

నాలుగు రూపాయల్లో రెండు నలభై

కారణం దొరికిందని సంబరపడి `row` ఉన్న వరసలో `int` తీసేసి `round` పెట్టాం. 3.999 ఇప్పుడు 4 అయింది. మరుసటి రోజు అమ్మ పాలు మళ్ళీ 3.4, 8.6. మళ్ళీ ఎనిమిది లీటర్లు. చీటీలో 241.60.

"రూపాయి అరవై తక్కువ," అంది అమ్మ. ఈసారి గొంతులో కోపం లేదు, జాలి ఉంది.

మీలో కొందరికి ఈపాటికి అర్థమై ఉంటుంది. కింది వరసలో `col` కి కూడా అదే `int` ఉంది. ఎస్.ఎన్.ఎఫ్.లో 8.1, 8.2, 8.6, 8.7 తప్పుతాయి. ఒక వరసలో తప్పు దొరికితే దాని పక్క వరస చూడాలన్న ఇంగితం ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది.

దాన్నీ మార్చాం. అప్పటికైనా బుద్ధి వచ్చి ఆ నాలుగు వరసల దగ్గరే కూర్చున్నాం. మాలో ఒకడు ఊరికే 2.9 ఫ్యాట్ కొట్టాడు. సెంటర్లో అయితే 3.0 కంటే తక్కువ వస్తే పాలు వెనక్కి పంపిస్తారు. మా ప్రోగ్రామ్ వెనక్కి పంపలేదు, చార్టులోని అన్నిటికంటే పెద్ద రేటు ఇచ్చింది! 2.9 లోంచి 3.0 తీస్తే మైనస్ 0.1, పదితో హెచ్చిస్తే మైనస్ 1. పైథాన్‌లో లిస్టుకి మైనస్ 1 అంటే చివరి వరస అని అర్థం. చివరి వరస 5.0 ఫ్యాట్‌ది. నీళ్ళు కలిపిన వాడికి ఊళ్ళో అందరికంటే ఎక్కువ డబ్బులు. తర్వాత 5.1 కొడితే ప్రోగ్రామ్ ఏకంగా పడిపోయింది, ఎందుకంటే అలాంటి వరస లేదు.

నాలుగు వరసల ఫంక్షన్లో నాలుగు తప్పులు. మిగతా ప్రాజెక్టు ఆరేడు వందల వరసలు, అందులో అప్పటికి దొరికినవి రెండు, అవి కూడా చీటీ మీద స్పెల్లింగులు. తప్పులు గుంపుగా ఉంటాయన్నది నాలుగో సూత్రం. ఎందుకు గుంపుగా ఉంటాయో పుస్తకం పెద్దగా చెప్పదు. మా విషయంలో కారణం మామూలుదే: ఆ ఫంక్షన్ తేలిక అనుకున్నాం, రాత్రి పదకొండింటికి రాశాం, మొదటి వరసను కాపీ చేసి రెండో వరస చేశాం. ఒకే మనిషి, ఒకే మూడ్, ఒకే పొరపాటు ఆలోచన. అది ఒక్క తప్పుతో ఆగదు. తప్పు దొరికిన చోట "హమ్మయ్య" అనుకోవద్దు, ఇంకో అరగంట అక్కడే తవ్వండి.

అన్నీ చూసేస్తే పోలా?

ఇక్కడ ఒక అమ్మాయి లేచి మంచి ప్రశ్న అడిగింది. "అన్నా, పన్నెండు కాకుండా అన్ని అంకెలూ చూసేస్తే సరిపోయేది కదా?"

లెక్క వేద్దాం అన్నాను. గళ్ళు 231. పాలు అర లీటరు నుంచి 20 లీటర్ల దాకా, 0.1 చొప్పున 196 రకాలు. గుణిస్తే 45,276. పొద్దున, సాయంత్రం రెండు పూటలు, 90,552. ఒక్కోటి కొట్టి చార్టుతో పోల్చడానికి ఒక్క నిమిషం అనుకున్నా, రోజుకి ఎనిమిది గంటలు కూర్చుంటే 188 రోజులు దాటుతుంది. సెమిస్టర్ అయిపోతుంది. ఇదంతా సరైన అంకెలు కొడితేనే. 2.9 లాంటివి, ఖాళీగా వదిలేసినవి, చుక్క బదులు కామా పెట్టినవి, ఒకే ఇంటి వాళ్ళు ఒకే పూట రెండుసార్లు పోసినవి, సగంలో కరెంటు పోయినవి కలిపితే దానికి చివరే లేదు. అన్నీ టెస్టు చేయడం అసాధ్యం అన్న రెండో సూత్రం ఇదే.

అయితే దీన్ని సోమరితనానికి సాకుగా వాడేవాళ్ళని చూశాను, వాళ్ళలో మేమూ ఉన్నాం. అన్నీ చూడలేమన్నది నిజమే కానీ, ఆ 231 గళ్ళు మాత్రం చూడగలిగేవే. ఒక లూపు రాస్తే రెప్పపాటు పని. అందులో కష్టం కంప్యూటర్‌ది కాదు, మనది: ప్రతి గడికీ సరైన జవాబు ఏమిటో ముందే మన దగ్గర ఉండాలి. దాన్ని ప్రోగ్రామ్ నుంచే తీసుకుంటే దొంగ చేతికే తాళం ఇచ్చినట్టు. మేము గోడ చార్టును ఫోటో తీసి, ఒకడు చదువుతుంటే ఇంకొకడు కొట్టాడు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నర మొదటి రోజే పెట్టి ఉంటే అమ్మ చీటీతో పని లేదు.

లూపుతో చూడలేని వాటికి ఏరుకోవడం తప్పదు. ఏరడానికి మా దగ్గర ఇప్పుడున్న పద్ధతి ఇది. ప్రోగ్రామ్ ఒకేలా చూసే అంకెలన్నీ ఒక గుంపు అనుకోండి: వెనక్కి పంపాల్సిన పాలు, రేటు ఇవ్వాల్సిన పాలు, చార్టు దాటిన పాలు. ఒక్కో గుంపు నుంచి ఒకటి రెండు చాలు, కానీ గుంపులు కలిసే గట్ల దగ్గర మాత్రం అటూ ఇటూ చూడాలి: 2.9, 3.0, 3.1, అలాగే 4.9, 5.0, 5.1. పొలంలో కూడా తగాదా ఎప్పుడూ గట్టు దగ్గరే కదా. ఒక జాగ్రత్త: ఈ పద్ధతి ఒక్కటే అయితే 2.9 బగ్‌ని, 5.1 బగ్‌ని పట్టేది కానీ అమ్మ 3.4 ని పట్టేది కాదు. 3.1 నుంచి 4.9 దాకా అంతా ఒకే గుంపు అని మనం అనుకున్నాం, కంప్యూటర్ అలా అనుకోలేదు. గుంపులు మన ఊహ మాత్రమే.

మామిడి పూత, తేనెమంచు పురుగు

231 గళ్ళ లూపును ప్రతి మార్పు తర్వాత నడిపేవాళ్ళం. ప్రతిసారీ అన్నీ పాస్. రెండు వారాలు హాయిగా గడిచాయి.

తర్వాత సెంటర్‌కి కొత్త మెషిన్ వచ్చింది. పాతది 3.2 అని చూపేది, ఇది 3.27 అని రెండంకెలు చూపిస్తుంది. మామ చూసినది చూసినట్టే కొట్టాడు. `round` ఉంది కాబట్టి 3.27 కాస్తా 3.3 రేటుకి వెళ్ళింది. సెంటర్లో లెక్క అలా కాదు, రెండో అంకె వదిలేస్తారు, 3.27 కి 3.2 రేటే. ఈసారి నష్టం మామకి. దాని మీద ఇంకో విచిత్రం: 3.25 కొడితే 3.2 వరసకి పోతుంది, 3.75 కొడితే 3.8 వరసకి పోతుంది. ఎందుకంటే పైథాన్ `round` సరిగ్గా సగంలో ఉన్నవాటిని దగ్గరి సరిసంఖ్యకు మారుస్తుంది. 2.5 దానికి 2, 7.5 దానికి 8. ఇది పైథాన్ తప్పు కాదు, చదవకుండా వాడిన మా తప్పు.

లూపు మాత్రం ఆ రోజు కూడా 231 పాస్ అనే చెప్పింది. అది అడిగే ప్రశ్నలన్నిటికీ ప్రోగ్రామ్ జవాబు నేర్చేసుకుంది మరి. ఈ అయిదో సూత్రానికి బోరిస్ బైజర్ పెట్టిన పేరు పురుగుమందు వైపరీత్యం. 2023లో వచ్చిన ఐ.ఎస్.టి.క్యూ.బి. ఫౌండేషన్ సిలబస్ నాలుగో కూర్పులో పేరు మార్చి, టెస్టులు అరిగిపోతాయి అని సాదాగా రాశారు. నాకు పాత పేరే ఇష్టం, మా వైపు ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడితే మందు కొడతారు. ఏటా అదే మందు కొడితే చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి, కొన్నేళ్ళకి డ్రమ్ములు డ్రమ్ములు కొట్టినా పూత నల్లబడుతుంది. టెస్టుల్లోనూ అంతే, అవి పట్టగలిగే తప్పులు చచ్చిపోయాయి, మిగిలినవన్నీ వాటికి దొరకని రకం.

అలా అని పాత మందు డబ్బా పారేయొద్దు, పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. పాత టెస్టులకి వేరే పని ఉంది: సరిచేసిన తప్పు మళ్ళీ తిరిగొస్తే అవే పట్టిస్తాయి. మేము 231 ని ఉంచి, దాని పక్కన రెండంకెల కొలతలు చేర్చాం. చివరికి ఫంక్షన్‌నే మార్చేశాం. చుక్క అంకెల జోలికి పోకుండా, కొట్టిన అక్షరాల నుంచే మొదటి అంకె తీసుకునేట్టు:

```python
def tenths(text):
    whole, dot, frac = text.partition(".")
    return int(whole) * 10 + int((frac + "0")[0])
```

"3.4" ఇస్తే 34, "3.27" ఇస్తే 32, "3" ఇస్తే 30. కోసేది ఇప్పుడు కూడా కోస్తోంది, కానీ సెంటర్ ఎక్కడ కోస్తుందో అక్కడే. 30 కంటే తక్కువ, 50 కంటే ఎక్కువ వస్తే రేటు వెతక్కుండా ముందే ఆపేస్తాం.

ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే

ఇది మార్చడం తేలిగ్గా కనిపిస్తుంది కానీ కాదు. డేటాబేస్‌లో ఫ్యాట్‌ని ఒక్క అంకెతో దాచాం, దాన్ని మార్చాలి. చీటీలో దానికి ఉన్న చోటు చాలదు. పాత లెక్కలు మళ్ళీ కట్టాలి. నాలుగు రోజులు పోయాయి. మామని అడిగితే, "రెండో అంకె వదిలేస్తామని అందరికీ తెలిసిందే గదప్పా, మీరు అడగలేదే!" అన్నాడు.

నిజమే, అడగలేదు. కోడ్ రాయకముందు చార్టు ముందు నిలబడి "మామా, రెండు గళ్ళ మధ్యలో వస్తే ఏం చేస్తావ్? చార్టు కంటే కింద వస్తే? పైన వస్తే?" అని మూడు ప్రశ్నలు అడిగి ఉంటే ఇప్పటిదాకా చెప్పిన వాటిలో సగం పుట్టేవే కావు. అది కూడా టెస్టింగే. ప్రోగ్రామ్ లేకుండా కాగితం మీద చేసే టెస్టింగ్. ముందే మొదలుపెడితే సమయం, డబ్బు మిగులుతాయన్న మూడో సూత్రం ఇది. మొదట్లో తప్పు పడితే ఒక రూపాయి, చివర్లో పడితే వంద రూపాయలు అని క్లాసుల్లో గ్రాఫు వేస్తుంటారు. ఆ అంకెల్ని నేను అంత నమ్మను, అన్ని తప్పులూ ఒకే లెక్కన పెరగవు. చీటీ మీద స్పెల్లింగ్ ఎప్పుడు మార్చినా రెండు నిమిషాలే. పెరిగేది మిగతావన్నీ ఎక్కి కూర్చున్న నిర్ణయాలకి. మాకు ఆ నిర్ణయం ఫ్యాట్‌కి ఎన్ని అంకెలు అన్నది.

అదే పదో వంతు, ఇంకో చోట

క్లాసులో ఇక్కడికొచ్చేసరికి వెనక బెంచీ నుంచి ఒక మాట వినపడింది: "నాలుగు రూపాయలకి ఇంత రభసా?" సరే, అదే పదో వంతు ఇంకోచోట ఏం చేసిందో చెప్పాను.

1991 ఫిబ్రవరి 25. గల్ఫ్ యుద్ధం. సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైన్యం పేట్రియట్ అనే క్షిపణి నిరోధక వ్యవస్థ పెట్టుకుంది. దాని గడియారం సమయాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెడుతుంది. దాన్ని సెకన్లుగా మార్చడానికి 0.1 తో హెచ్చిస్తుంది. ఆ 0.1 ని 24 బిట్లలో దాచారు, మిగిలిన తోక కోసేశారు. మన 3.4 కథే. పోయేది ఎంతో తెలుసా, పదో వంతు సెకనుకి కోటిలో ఒక వంతు సెకను, అంతే. కానీ ఆ యంత్రాన్ని ఆపకుండా సుమారు 100 గంటలు నడిపారు. తేడా పేరుకొని సెకనులో మూడో వంతు అయింది. స్కడ్ క్షిపణి ఆ కాస్త సమయంలో అర కిలోమీటరు దాటి పోతుంది. పేట్రియట్ తప్పు చోట వెతికింది, అక్కడ ఏమీ కనపడలేదు, ఆగిపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు.

అంతకుముందు ఆ యంత్రాన్ని అంతంతసేపు ఆపకుండా నడుపుతారని ఎవరూ అనుకోలేదు. అక్కడక్కడా తిరుగుతూ కొన్ని గంటలు మాత్రమే పనిచేసేట్టు ఊహించారు. ఆ వాడకానికి ఆ లెక్క సరిపోయేది. వాడకం మారింది. టెస్టింగ్ సందర్భాన్ని బట్టి ఉంటుందన్న ఆరో సూత్రాన్ని "బ్యాంకుకి ఒకలా, గేముకి ఒకలా" అని రాసి వదిలేస్తాం. ఒకే ప్రోగ్రామ్‌కి కూడా చోటు మారితే, గంటలు మారితే, మెషిన్ మారితే పాత టెస్టు చాలదన్నది అందులోనే ఉంది. మా చిన్న లెక్కలో కూడా జరిగింది అదే: పాత మెషిన్ ఉన్నంతకాలం `round` సరిగ్గానే ఉంది.

తప్పుల్లేవు, వాడే మనిషీ లేడు

ఏడోది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అన్నీ సరిచేసి, వెయ్యికి పైగా టెస్టులు పాసై, సెంటర్లో మళ్ళీ పెట్టాం. నాలుగో రోజు వెళ్ళి చూస్తే ల్యాప్‌టాప్ మూసి ఉంది. దాని మీద పాల కొలత గ్లాసు బోర్లించి ఉంది. మామ నోటుబుక్కులో రాస్తున్నాడు.

"ఏం మామా, మళ్ళీ తప్పొచ్చిందా?"

"తప్పేం లేదు నైనా, లెక్క బంగారంగా ఉండాది. నాకే టయం చాలడంలే."

పక్కన నిలబడి చూశాను. పొద్దున ఆరు గంటలకి ముప్పై మంది వరసలో ఉన్నారు. చేతులు తడి. మా స్క్రీన్లో ముందు పేరు వెతకాలి, ఇంగ్లీషులో. సెంటర్లో ఎవర్నీ పేరుతో పిలవరు, అందరికీ నెంబరే. పేరు దొరికాక పూట ఎంచుకోవాలి, లీటర్లు కొట్టాలి, ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్. కొట్టాలి, సేవ్ నొక్కాలి, "నిజంగా సేవ్ చేయాలా" అంటే అవును అనాలి. నోటుబుక్కులో ఆయన నెంబరు పక్కన మూడు అంకెలు గీకి పంపిస్తాడు. మాది మనిషికి నలభై సెకన్లు, ఆయనది పది. ముప్పై మందికి పదిహేను నిమిషాల తేడా. పాల వ్యాను ఆగదు.

తప్పులు లేకపోతే చాలు, మంచి సాఫ్ట్‌వేర్ అనుకోవడమే ఒక భ్రమ అన్నది ఏడో సూత్రం. మా టెస్టుల్లో "రేటు సరిగ్గా ఉందా" అన్నది వెయ్యిసార్లు ఉంది, "తడి చేత్తో ఆరింటికి కొట్టగలడా" అన్నది ఒక్కసారి లేదు. మళ్ళీ మార్చాం. నెంబరు కొట్టగానే తెలుగులో పేరు కనపడుతుంది, గడియారం చూసి పూట అదే పెట్టుకుంటుంది, ఆఖర్న ఎంటర్ కొడితే చీటీ వస్తుంది. ఇప్పుడు పన్నెండు, పదమూడు సెకన్లు పడుతోంది. మామ రెండూ నడుపుతున్నాడు. నోటుబుక్కు ఎప్పుడు మూస్తావని నేను అడగలేదు. అమ్మ మాత్రం ఇప్పటికీ ప్రతి చీటీనీ నోట్లో లెక్కేసుకున్నాకే కొంగుకి కట్టుకుంటుంది.

క్లాసులో చివర ఇచ్చిన హోమ్‌వర్క్ మీకూ ఇస్తున్నా. పైన ఉన్న `tenths` ఫంక్షన్‌కి `".9"` ఇస్తే ఏమవుతుంది? `"3,4"` ఇస్తే? `"34"` అని చుక్క మర్చిపోయి కొడితే వచ్చే 340 ని ఎవరు ఆపాలి, ఈ ఫంక్షనా, దీన్ని పిలిచిన వాడా? ముందు కాగితం మీద జవాబు రాసి, తర్వాతే నడిపి చూడండి.